తాకే ఇంటర్వెల్స్: ఒక యూరియా ఓడ డెమరేజ్ లెక్క

అక్టోబరులో విశాఖ పోర్టు ఇన్నర్ హార్బర్‌లో యూరియా దించుతున్న ఓడ ఒకటి. మధ్యమధ్యలో వాన. అది చాలదన్నట్టు ఓడ జనరేటర్ ఆగిపోయి క్రేన్లన్నీ ఒకేసారి నిలిచిపోవడం. ఒక రోజు మొత్తం మీద పని ఎంతసేపు ఆగిందని అడిగితే, సరుకు తెప్పించుకున్నవాళ్ల షీటు 5 గంటల 40 నిమిషాలంది. ఓడ యజమాని తరఫు షీటు 3 గంటల 55 నిమిషాలంది. ఇద్దరూ చూసింది ఓడ దగ్గర ఏది ఎప్పుడు జరిగిందో రాసే ఒకే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, దాని మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. తేడా 105 నిమిషాలు. షిప్పింగ్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాయడం నా పని కాబట్టి ఈ లెక్క నా దగ్గరికి వచ్చింది. ఓడ ఏదో తెలియకుండా ఉండేందుకు సమయాలను కొంచెం సర్ది రాస్తున్నాను. లెక్క నడిచిన తీరు మాత్రం జరిగినట్టే ఉంది.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సరుకు దించడానికి ఒప్పందంలో కొంత సమయం ఇస్తారు, దాన్ని లేటైమ్ అంటారు. అది దాటితే ఓడ యజమానికి రోజుకింత అని డెమరేజ్ కట్టాలి, రోజులో కొంత భాగమే అయితే ఆ మేరకు కట్టాలి. ఈ ఓడ ఒప్పందంలో వాన వల్ల పోయిన సమయం, ఓడ యంత్రాల వల్ల పోయిన సమయం లేటైమ్‌లోకి రావు. తడిస్తే యూరియా పాడవుతుంది కాబట్టి చినుకు పడగానే ఓడలోని సరుకు గదుల నోళ్లను, అంటే హేచ్‌లను, మూసేస్తారు. గట్టు మీద లారీలు లేక పని ఆగితే మాత్రం అది సరుకుదారు ఖాతాలోనే పడుతుంది. ఇంకో షరతు కూడా ఉంది: పని ఏకధాటిగా కనీసం 30 నిమిషాలైనా నిలిచిపోతేనే ఆ ఆగిన సమయాన్ని తీసేయాలి. అంతకన్నా చిన్నవాటిని లెక్కలోకి తీసుకోకూడదు. గొడవంతా ఈ షరతు దగ్గరే వచ్చింది.

ఆ రోజు ఆగిన సమయాలు ఇవీ:

```
వాన        09:40 – 12:10
జనరేటర్    10:15 – 10:50
జనరేటర్    11:55 – 12:40
వాన        13:10 – 13:32
జనరేటర్    13:32 – 13:50
వాన        16:05 – 17:00
జనరేటర్    16:40 – 16:55
```

ఏడు వరసల నిమిషాలనూ విడివిడిగా కూడితే 340, అంటే 5 గంటల 40 నిమిషాలు. సరుకుదారు షీటులో జరిగింది ఇదే. 30 నిమిషాల షరతును అందులో పట్టించుకోలేదు, ఒకదానిమీద ఒకటి పడ్డ సమయాన్నీ చూడలేదు. వాన కురుస్తూ హేచ్‌లు మూసి ఉన్నప్పుడు జనరేటర్ కూడా ఆగితే పోయేది ఒక్కసారి సమయమే. 10:15 నుంచి 10:50 వరకు ఆ షీటు రెండుసార్లు తీసేసింది. 11:55 నుంచి 12:10 వరకు, 16:40 నుంచి 16:55 వరకు కూడా అంతే. 35, 15, 15 కలిపి 65 నిమిషాలు ఎక్కువ పడ్డాయి.

ఇక్కడ చేయాల్సిన పని తెలిసిందే. వరసలన్నిటినీ మొదలైన సమయం ప్రకారం సార్ట్ చేసి, పైనుంచి కిందికి ఒక్కసారి నడవాలి. చేతిలో ఒక తెరిచిన బ్లాక్ ఉంటుంది. కొత్త వరస ఆ బ్లాక్ ముగిసేలోపే మొదలైతే అందులో కలిసిపోతుంది, లేకపోతే పాత బ్లాక్‌ను మూసి కొత్తది తెరుస్తాం. ఒక్క నడకతో సరిపోవడానికి కారణం సార్టే. కొత్త వరస మొదలు మన బ్లాక్ చివర దాటిపోయిందంటే, దాని తర్వాత వచ్చే ఏ వరసా అంతకన్నా ముందు మొదలవ్వదు. కాబట్టి మూసిన బ్లాక్‌ను మళ్లీ ఎవరూ తాకలేరు, వెనక్కి చూడాల్సిన పని ఉండదు.

```python
def merge(rows):
    for s, e in rows:
        if s > e:
            raise ValueError((s, e))
    out = []
    for s, e in sorted(r for r in rows if r[0] < r[1]):
        if out and s <= out[-1][1]:
            out[-1][1] = max(out[-1][1], e)
        else:
            out.append([s, e])
    return out
```

`rows` ఒక లిస్టు. అందులోని సమయాలు ఓడ బెర్త్‌కు, అంటే గట్టు పక్కన దాన్ని కట్టే చోటికి, వచ్చిన రోజు అర్ధరాత్రి నుంచి లెక్కించిన నిమిషాలు. తేదీ లేకుండా గంటలు మాత్రమే పెట్టుకుంటే 23:40 నుంచి 00:20 దాకా కురిసిన వాన తలకిందులై కనిపిస్తుంది. అలాంటి వరసను గుట్టుగా వదిలేయకుండా అక్కడే ఆపి, రాసినవాళ్లకు వెనక్కి పంపాలి. కోడ్‌లో మొదటి చెక్ అందుకే ఉంది.

ఉదయపు మూడు వరసలను దగ్గరగా చూద్దాం. 09:40–12:10 బ్లాక్ తెరుచుకుంది. 10:15–10:50 పూర్తిగా దాని కడుపులోనే ఉంది. ఇక్కడ `max` రాయకుండా బ్లాక్ చివరను కొత్త వరస చివరతో మార్చేస్తే, బ్లాక్ 12:10 నుంచి 10:50కి కుంచించుకుపోతుంది. ఆపైన 11:55 వచ్చేసరికి ఖాళీ ఉన్నట్టు కనిపించి కొత్త బ్లాక్ తెరుచుకుంటుంది. ఉదయం 180 నిమిషాలు రావాల్సిన చోట 70, 45 కలిపి 115 వస్తాయి.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకు ఇదే తప్పు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ప్రతి వరస మొదలునూ సరిగ్గా పైవరస చివరతో పోల్చే ఫార్ములా రాస్తారు. 11:55కి పైవరస చివర 10:50, కాబట్టి కొత్త గుంపు మొదలవుతుంది. కానీ పైపైవరస వాన 12:10 వరకూ కురుస్తూనే ఉంది కదా. ఈ పద్ధతిలో ఉదయానికి 150, 45 కలిపి 195 వస్తాయి, 15 నిమిషాలు రెండుసార్లు పడతాయి. పోల్చాల్సింది పక్క వరసతో కాదు, ఇప్పటిదాకా చూసిన చివరల్లో అన్నిటికన్నా పెద్దదానితో. SQLలో `LAG` వాడినా ఇదే గొయ్యి. అక్కడ ముందు వరసలన్నిటి మీదా `MAX` కావాలి.

సరిగ్గా కలిపితే ఆ రోజు మూడు బ్లాకులు వస్తాయి. 09:40–12:40కి 180 నిమిషాలు, 13:10–13:50కి 40, 16:05–17:00కి 55. మొత్తం 275, అంటే 4 గంటల 35 నిమిషాలు. మూడూ 30 నిమిషాలు దాటినవే.

మరి ఓడ యజమాని షీటుకు 3:55 ఎలా వచ్చింది? వాళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డవాటిని సరిగ్గానే కలిపారు. మధ్యాహ్నపు రెండు వరసలను మాత్రం కలపలేదు. వాన 13:32కి ఆగింది, జనరేటర్ 13:32కే ఆగింది. వాళ్ల కోడ్‌లో `<=` ఉండాల్సిన చోట `<` ఉంది. 13:32 కన్నా 13:32 చిన్నది కాదు కాబట్టి రెండూ రెండు బ్లాకులుగా మిగిలాయి, ఒకటి 22 నిమిషాలు, ఇంకొకటి 18. రెండూ 30 లోపే. షరతు ప్రకారం రెండూ ఎగిరిపోయాయి. 275లోంచి 40 పోతే 235, అదే 3:55.

తాకే ఇంటర్వెల్స్‌తో చిక్కంతా ఇక్కడే ఉంది. మొత్తం నిమిషాలు మాత్రమే కావాలంటే `<` పెట్టినా `<=` పెట్టినా జవాబు మారదు. 22, 18 విడిగా కూడినా 40, కలిపి కొలిచినా 40. అందుకే మొత్తాన్ని మాత్రమే సరిచూసే టెస్టులన్నీ పాసైపోతాయి. బ్లాకులు ఎన్ని అని లెక్కపెట్టినప్పుడో, ఒక్కో బ్లాక్ పొడవును ఒక హద్దుతో పోల్చినప్పుడో తేడా బయటపడుతుంది. ఈ ఒప్పందంలో ఆ హద్దు 30 నిమిషాలు. యజమాని తరఫు కోడ్‌ను వేరే ఒప్పందం మీద, ఈ షరతు లేని చోట ఎన్నేళ్లు నడిపినా ఎవరికీ అనుమానం వచ్చి ఉండదు.

అయితే `<=` సరైనదని కోడ్ చూసి చెప్పలేం. అది ఒప్పందం చెప్పాలి, ఒప్పందం చెప్పనిచోట బెర్త్ మీద జరిగింది చెప్పాలి. వాన ఒక కారణం, జనరేటర్ ఇంకో కారణం కాబట్టి అవి రెండు వేర్వేరు ఆగిపోవడాలే కదా అనే వాదనకూ బలం ఉంది. మా ఆపరేషన్స్ మేనేజర్ గారిని అడిగాను. ఆయన చాలాకాలం టాలీ, అంటే క్రేన్‌కు తగిలించిన గ్రాబ్ అనే తొట్టి ఎప్పుడెప్పుడు సరుకు దించిందో రాసే లెక్క, చూసినవారు.

"బాబూ, వాన ఆగిందా, కరెంటు పోయిందా అన్నది తర్వాత. గ్రాబ్ కదిలిందా లేదా, అది చెప్పు ముందు" అన్నారు.

"కదల్లేదు సార్. ఒంటిగంట పది నుంచి ఒంటిగంట యాభై దాకా టాలీలో ఒక్క గ్రాబ్ కూడా పడలేదు."

"మరింకేం? పని నలభై నిమిషాలు ఆగింది. షరతులో రాసింది పని నిలవడం గురించే, కారణం ఒకటే ఉండాలని లేదు."

షరతును మళ్లీ చదివాను. నిజంగానే అందులో 'పని నిలిచిన' సమయం అనే ఉంది. కాబట్టి ఈ ఒప్పందానికి `<=`. వానకు వేరుగా, యంత్రాలకు వేరుగా హద్దు పెట్టిన ఒప్పందమైతే కారణాన్ని బట్టి వరసలను విడదీసి, ఒక్కో గుంపునూ విడిగా కలిపి, హద్దు పరీక్ష అయ్యాక మిగిలినవాటిని మళ్లీ ఒకసారి కలపాలి. చివరి కలపడం వదిలేస్తే వాన మీద జనరేటర్ పడ్డ నిమిషాలు మళ్లీ రెండుసార్లు పడతాయి.

తాకేవాటిని ఎప్పుడూ కలపాలని దీని అర్థం కాదు. అదే ఆఫీసులో బెర్త్ బుకింగ్ షీటు కూడా ఉంటుంది. ఒక ఓడకు ఇచ్చిన సమయం ఉదయం 06:00కి ముగిసి, అదే బెర్త్ ఇంకో ఓడకు 06:00 నుంచి ఇస్తే అది గొడవ కాదు. అక్కడ వెతికేది ఒకే నిమిషం ఇద్దరి చేతిలో ఉందా అని, కాబట్టి `<` పెట్టాలి. కలిపే ఫంక్షన్‌ను తీసుకెళ్లి అక్కడ వాడితే లేని గొడవలు చూపిస్తుంది.

`<=` పెట్టాక ఇంకో జాగ్రత్త అవసరమవుతుంది. ఆ రోజు 12:40 నుంచి 13:10 వరకు కూడా పని ఆగింది, కారణం లారీలు రాకపోవడం. అది సరుకుదారు ఖాతా, పై ఏడు వరసల్లో ఉండకూడదు. పొరపాటున జాబితాలోకి వస్తే రెండు పక్కలా తాకుతుంది. ఉదయం బ్లాక్, మధ్యాహ్నం బ్లాక్ రెండూ దానితో అతుక్కుని 09:40 నుంచి 13:50 దాకా ఒకటే పెద్ద బ్లాక్ అవుతుంది. దాని మధ్యలో సరుకుదారు భరించాల్సిన అరగంట ఉందని చూసేవాళ్లకు తెలిసే దారే లేదు. అందుకే ఏ వరస తీసేయదగినది, ఏది కాదు అన్న ఏరివేత కలపడానికి ముందే జరగాలి. కలిపాక విడదీయలేం. ఈ కారణంతోనే నేను ప్రతి బ్లాక్‌తో పాటు అందులో చేరిన అసలు వరసల నంబర్లను కూడా దాచి ఉంచుతాను. షీటు ప్రింట్ చేసినప్పుడు బ్లాక్ కింద అవి కనిపిస్తాయి.

13:32కి వాన ఆగి, 13:34కి జనరేటర్ ఆగిందని రాసి ఉంటే? అప్పుడు కలపను. ఆ రెండు నిమిషాల్లో హేచ్ మూతే తెరిచి ఉండరని నాకూ తెలుసు, కానీ ఆ మాట చెప్పాల్సింది టాలీ, కోడ్ కాదు. 'ఐదు నిమిషాల లోపు ఖాళీ ఉంటే కలిపెయ్' అనే సర్దుబాటు పెట్టమని కొందరు అడుగుతారు. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే పెట్టవచ్చు. అయితే దాని వల్ల రెండు జరుగుతాయి. ఖాళీ నిమిషాలు కూడా ఆగిన సమయంలోకి చేరతాయి, కాబట్టి మొత్తం మారుతుంది. పైగా చిన్నచిన్న ఖాళీలు వరసగా ఉంటే ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటూ పోయి మధ్యాహ్నమంతా ఒకే బ్లాక్ అవుతుంది.

తేదీలతో పనిచేసేటప్పుడు తాకడం అంటే ఇంకోలా ఉంటుంది. సెలవు రోజుల జాబితాలో 11 నుంచి 12, 13 నుంచి 14 అని ఉంటే, మధ్యలో పనిరోజు ఒక్కటీ లేదు. కానీ 13 అనేది 12 కన్నా పెద్దది కాబట్టి `<=` కూడా వాటిని విడిగానే ఉంచుతుంది. రాసినవాళ్ల దృష్టిలో 12వ తేదీ అంటే ఆ రోజు పూర్తయ్యేదాకా. అందుకే లోపలికి తీసుకునేటప్పుడే చివర తేదీకి ఒకటి కలిపి 11–13, 13–15గా మార్చుకుంటే, అవి నిజంగా తాకుతాయి, అదే ఫంక్షన్ పనిచేస్తుంది. ఇక్కడ ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. పై కోడ్ మొదలూ చివరా ఒకటే ఉన్న వరసలను వదిలేస్తుంది, ఎందుకంటే '14:05 – 14:05 పరిశీలన' లాంటి క్షణం నమోదులు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, అవి సున్నా నిమిషాల బ్లాకులై లెక్క పాడుచేస్తాయి. కానీ తేదీల్లో 12–12 అంటే సున్నా కాదు, ఒక పూర్తి రోజు. ముందు మార్చకుండా వడపోస్తే ఒక్కరోజు సెలవులన్నీ మాయమవుతాయి.

సార్ట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, అది కంటికి ఆనదు. సమయాలు అక్షరాలుగా వచ్చి, ఎవరైనా 09:40 బదులు 9:40 అని కొడితే, అక్షర క్రమంలో అది 16:40 తర్వాత చివరికి పోతుంది. ఆ వరసలో పెట్టుకున్నాక నిమిషాలుగా మార్చి కలిపితే, అప్పటికి తెరిచి ఉన్న బ్లాక్ 16:05–17:00. 9:40 అనేది 17:00 కన్నా ముందే కాబట్టి కలిసిపోతుంది. 12:10, 17:00లో పెద్దది 17:00, కాబట్టి బ్లాక్ కదలదు. ఉదయం వాన చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది. వచ్చే జవాబు 175 నిమిషాలు. ఎర్రర్ రాదు, అంకె కూడా నమ్మేలాగే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న తనిఖీ చాలు. ఇచ్చిన ప్రతి వరసా ఏదో ఒక బ్లాక్ లోపల పూర్తిగా ఇమడాలి. 09:40–12:10 పై జవాబులో ఏ బ్లాక్‌లోనూ ఇమడదు, వెంటనే బయటపడుతుంది. కుంచించుకుపోయిన బ్లాక్ కూడా ఇదే తనిఖీలో దొరుకుతుంది. వరసగా వచ్చే రెండు బ్లాకుల మధ్య కనీసం ఒక నిమిషమైనా ఖాళీ ఉండాలి అన్నది రెండో తనిఖీ, `<` పెట్టిన షీటును ఇది పట్టేస్తుంది. నేను వీటితో పాటు ఇంకొకటి చేస్తాను. రోజుకు 1440 గళ్లు వేసి, ప్రతి వరసకూ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషానికి ముందుదాకా గళ్లు నింపి, నిండినవాటిని లెక్కపెడతాను. పద్ధతి మొద్దుదే, కానీ సార్ట్‌తో, పోలికలతో దీనికి సంబంధం లేదు. ఆ రోజుకు 275 గళ్లు నిండాయి. 13:10 నుంచి 13:49 దాకా ఎక్కడా ఖాళీ గడి లేకుండా 40 వరసగా నిండాయి. `<=` ఇచ్చిన మూడు బ్లాకులే గళ్లలోనూ కనిపించాయి.

లేటైమ్ మొదలయ్యే సమయం దగ్గర ఇంకో నిర్ణయం తీసుకోవాలి. లేటైమ్ మొదలవకముందు ఆగిన సమయాన్ని దానిలోంచి తీసేయడానికి లేదు, కాబట్టి బ్లాకులను ఆ సమయం దగ్గర కత్తిరించాలి. ముందే కత్తిరించి ఆపై 30 నిమిషాల పరీక్ష పెడితే, నిజంగా 50 నిమిషాలు ఆగిన పని 20 నిమిషాల ముక్కగా మారి పరీక్షలో ఓడిపోతుంది. హద్దు అడుగుతున్నది పని నిజంగా ఎంతసేపు నిలిచిందని, కాబట్టి కలపడం, హద్దు చూడడం, చివర్లో కత్తిరించడం అనే క్రమాన్ని పాటించాను.

డెమరేజ్ రోజుకు 12,000 డాలర్లనుకుంటే నిమిషానికి 8.33 డాలర్లు. సరుకుదారు షీటులో ఎక్కువ పడ్డ 65 నిమిషాలు దాదాపు 542 డాలర్లు, యజమాని షీటులో పోయిన 40 నిమిషాలు 333 డాలర్లు. ఇది ఒక్క రోజుది, వానాకాలంలో ఓడ ఇలాంటి రోజులు చాలానే చూస్తుంది. 4:35తో కొత్త షీటు, దాని కింద బ్లాకుల వారీగా వరసలు, పక్కన టాలీ కాపీ జతచేసి రెండు వైపులా పంపాం. ఉదయం, సాయంత్రం బ్లాకులను ఓడ తరఫువాళ్లు ఒక్క ప్రశ్న లేకుండా ఒప్పుకున్నారు. మధ్యాహ్నపు బ్లాక్ మీద మాత్రం షరతు మాటలు చూపించమన్నారు. షరతు, టాలీ పక్కపక్కన చూశాక దాన్నీ ఒప్పుకున్నారు. తర్వాతి ఒప్పందం ముసాయిదాలో 'వేర్వేరు కారణాలతోనైనా పని మళ్లీ మొదలవకుండా నిలిచిన సమయాన్ని ఒకటిగా లెక్కించాలి' అనే వాక్యాన్ని మా మేనేజర్ గారు చేర్పించారు.

ఈ లెక్క ఓడ మొత్తం ఆగిన సమయాలకే సరిపోతుంది. నాలుగు క్రేన్లలో ఒకటే చెడిపోయి మిగతా మూడూ పనిచేస్తుంటే ఆ వరసను ఈ జాబితాలో కలపకూడదు. ఒక్కో హేచ్‌కూ విడిగా జాబితా పెట్టి, ఒక్కోదాన్నీ ఇలాగే కలిపి, తర్వాత ఒప్పందం చెప్పిన నిష్పత్తిలో తీసుకోవాలి. ఓడంతటినీ ఆపిన వానను మాత్రం నాలుగు జాబితాల్లోనూ వేయాలి, లేకపోతే చెడిన క్రేన్ మీద పడ్డ వాన మళ్లీ రెండుసార్లు లెక్కకొస్తుంది.